సప్లయర్ పేరుతో దొంగ మెయిల్: లీకు ఎవరి వైపు, డబ్బు కోసం ఏ కాగితాలు

ప్రశ్న: సార్, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ రాస్తాను. కోయంబత్తూరు సప్లయర్‌కి సార్టెక్స్ మిషన్ స్పేర్ల బిల్లు 8,64,000 కట్టాలి. జనవరి 9 శుక్రవారం పొద్దున, పాత మెయిళ్ల కిందనే ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ కొత్త ఖాతాకి వెయ్యండి’ అని, మార్చిన బిల్లుతో మెయిల్ వచ్చింది. మధ్యాహ్నం ఆర్టీజీఎస్ చేశాం. సోమవారం సప్లయర్ ఫోన్ చేసి డబ్బు రాలేదన్నాడు. శనివారమే రిమైండర్ పంపానన్నాడు. అది మా ఇన్‌బాక్స్‌లో లేదు, All Mailలో దొరికింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాం, బ్యాంకులో లెటర్ ఇచ్చాం. 3,10,000 హోల్డ్ అయిందని మెసేజ్ వచ్చింది. బ్యాంకు ‘రీకాల్ పెట్టాం’ అంటోంది గానీ కాగితం ఇవ్వలేదు. మా సేటు వాళ్ల మెయిల్ హ్యాక్ అయిందంటాడు, వాళ్లు మాదంటారు. మధ్యలో నా మీద అనుమానం. మెయిల్ హెడర్ ప్రింటు పంపుతున్నా. ఎవరి వైపు నుంచి జరిగిందో ఎలా తేలుతుంది? డబ్బు వెనక్కి రావాలంటే ఏం రాసిపెట్టుకోవాలి?

సమాధానం: మీరు పంపిన ప్రింటులో పనికొచ్చే వరుసలు ఇవి. సప్లయర్ పేరు బయటపడకుండా అక్షరాలు మార్చాను గానీ, మోసం ఉన్న చోటును అలాగే ఉంచాను.

```
From: Accounts <accounts@kovairnills.example>
Date: Fri, 9 Jan 2026 10:52:31 +0530
In-Reply-To: <b71c@kovaimills.example>
Authentication-Results: mx.google.com;
  dkim=pass header.d=kovairnills.example
  spf=pass smtp.mailfrom=accounts@kovairnills.example
  dmarc=pass header.from=kovairnills.example
```

మొదటి వరుసను, మూడో వరుసను పక్కపక్కన పెట్టి నెమ్మదిగా చదవండి. సప్లయర్ అసలు పేరులో m ఉంది. దొంగ మెయిల్‌లో ఆ m స్థానంలో r, n అనే రెండు అక్షరాలున్నాయి. చిన్న తెర మీద ఆ రెండూ కలిసి m లాగే కనిపిస్తాయి. అంటే ఈ మెయిల్ సప్లయర్ మెయిల్ నుంచి రాలేదు. మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరే డొమైన్. అచ్చం అలాంటి పేరుతో మోసగాడు కొనుక్కున్న వేరే డొమైన్ నుంచి ఇది వచ్చింది.

కింద మూడు చోట్ల pass అని చూసి మీ కంప్యూటర్ అబ్బాయి ‘మెయిల్ ఒరిజినలే’ అన్నాడని ప్రింటు మీద రాశారు. ఆ మాట తప్పు. ఆ పరీక్షలు చూసేది ఒక్కటే: ఏ డొమైన్ పేరు చెప్పుకుందో ఆ డొమైన్ నుంచే మెయిల్ బయలుదేరిందా లేదా అని. ఆ డొమైన్ మోసగాడిదే కాబట్టి మూడూ పాసయ్యాయి. ఎవరో ఇలాంటి పేరుతో కంపెనీ పెట్టి, సొంత రబ్బరు స్టాంపు చేయించుకుని వేసినట్టే. స్టాంపు నకిలీ కాదు, కంపెనీయే వేరు. పోలీసులకు రాసేటప్పుడు ‘సప్లయర్ మెయిల్ నుంచి వచ్చింది’ అని రాయకండి. ‘సప్లయర్ డొమైన్‌ను పోలిన మరో డొమైన్ నుంచి వచ్చింది’ అని రాసి, రెండు పేర్లనూ పెద్ద అక్షరాల్లో ముద్రించి ఇవ్వండి. మొదటి మాట రాస్తే దర్యాప్తు పొరపాటున కోయంబత్తూరు వైపు తిరుగుతుంది.

ఇక In-Reply-To వరుస. ప్రతి మెయిల్‌కీ దానికే చెందిన ఒక గుర్తింపు ఉంటుంది. అది పంపినవారి దగ్గర, అందుకున్నవారి దగ్గర ఉన్న కాపీల్లో మాత్రమే ఉంటుంది. ఇక్కడున్నది జనవరి 8 సాయంత్రం సప్లయర్ మీకు బిల్లు పంపిన నిజమైన మెయిల్ గుర్తింపు. అంటే ఆ మెయిల్‌ను మోసగాడు లోపలికి వెళ్లి చదివాడు. గుడ్డిగా వల వెయ్యలేదు. మీ మెయిల్ గానీ, సప్లయర్ మెయిల్ గానీ, కాపీలో ఇంకెవరైనా ఉంటే వాళ్లది గానీ తెరుచుకుంది. హెడర్ ఇంతవరకే చెబుతుంది. వాటిలో ఏదో అది చెప్పదు.

అది చెప్పేది మీరు మామూలుగా రాసేసిన మరో మాట: శనివారం రిమైండర్ All Mailలో దొరికిందని. జీమెయిల్‌లో కొత్తగా వచ్చిన మెయిల్ మామూలుగా తనంతట తాను ఇన్‌బాక్స్‌ను దాటి All Mailకి పోదు. చాలావరకు ఎవరైనా చేత్తో ఆర్కైవ్ చేసి ఉండాలి, లేదా ఫిల్టర్ పెట్టి ఉండాలి. కంప్యూటర్‌లో Settings, See all settings, ఆ తర్వాత Filters and Blocked Addresses తెరవండి. సప్లయర్ అసలు డొమైన్ పేరు మీద Skip Inbox, Mark as read అని ఒక ఫిల్టర్ ఉండొచ్చని నా అంచనా. మోసగాళ్లు పోలిక డొమైన్ కొనడానికి ఇది కూడా ఒక కారణం. అసలు సప్లయర్ మెయిళ్లన్నీ ఫిల్టర్‌లో పడి మీ కంటికి కనిపించకుండా పోతాయి. ఒక్క అక్షరం తేడా ఉన్న దొంగ మెయిల్ మాత్రం నేరుగా ఇన్‌బాక్స్‌కి వస్తుంది. రెండు గొంతులూ ఒకేసారి వినపడితే మీకు అనుమానం వస్తుంది కదా, అందుకే ఒక గొంతు నొక్కేశాడు. రోజు కూడా చూసి ఎంచుకున్నాడు. 9 శుక్రవారం, 10 రెండో శనివారం, 11 ఆదివారం, వెనకే సంక్రాంతి. ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజంతా, సెలవుల్లో కూడా నడుస్తుంది. బ్రాంచి మాత్రం సోమవారం దాకా తెరుచుకోదు.

ఫిల్టర్ కనిపించగానే తీసేయకండి. మీ కేసులో అదే పెద్ద సాక్ష్యం. ముందు తెర మొత్తం, కింద తేదీ, టైము కనిపించేలా ఫోటో తీయండి. ఫిల్టర్ ఎప్పుడు పెట్టారో జీమెయిల్ చూపించదు గానీ మనం లెక్క తీయవచ్చు. 8 సాయంత్రం బిల్లు మెయిల్ ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది. 10న వచ్చిన రిమైండర్ ఇన్‌బాక్స్‌లో పడలేదు. కాబట్టి ఫిల్టర్ ఈ రెండిటి మధ్యలో పడింది. మోసగాడు బిల్లు చదివింది కూడా 8 సాయంత్రానికీ 9 పొద్దున 10:52కీ మధ్యలోనే. ఆ రాత్రి మీ మెయిల్‌లోకి ఎవరు వచ్చారన్నదే అసలు ప్రశ్న. జీమెయిల్ అడుగున కుడివైపు Details నొక్కితే ఇటీవలి లాగిన్లు, ఐపీ నంబర్లు కనిపిస్తాయి. ఆ జాబితా చిన్నది, కొత్త లాగిన్లు వచ్చేకొద్దీ పాతవి జారిపోతాయి. అందుకే గూగుల్ టేకౌట్‌లోకి వెళ్లి Access log activity కూడా ఈ రోజే దించుకోండి. ఆ తర్వాత ఫార్వర్డింగ్ పేజీలో మీకు తెలియని అడ్రస్ ఉందేమో, ఖాతాకి తెలియని యాప్ ఏదైనా కలిపారేమో చూసి ఫోటో తీసి, అప్పుడు పాస్‌వర్డ్ మార్చండి. ఇదంతా ఒకే విడతలో చేసేయండి. సాక్ష్యం పేరుతో పాత పాస్‌వర్డ్‌ను రోజుల తరబడి ఉంచితే వాడు లోపలే ఉంటాడు.

ఫిల్టర్ ఉంటే, లేదా ఆ రాత్రి తెలియని చోటి నుంచి లాగిన్ ఉంటే, తెరుచుకున్నది మిల్లు మెయిలే. మీ సేటుకి ఈ మాట మీరే ముందు చెప్పడం మంచిది. రేపు పోలీసులు చెబితే మీరు దాచారని అనుకుంటాడు. అయితే మిల్లు మెయిల్ తెరుచుకుంది అన్నదీ మీరు చేశారు అన్నదీ ఒకటి కాదు. ఆ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో రాసిపెట్టండి. గేటు దగ్గర తూకం చూసే అతని ఫోన్‌లో, సేటు కొడుకు ల్యాప్‌టాప్‌లో, మీ కంప్యూటర్‌లో ఒకే మెయిల్ తెరిచి ఉండటం మిల్లుల్లో మామూలే. కొన్ని వారాల వెనక్కి వెళ్లి, ‘డాక్యుమెంట్ షేర్ చేశాం, లాగిన్ అయి చూడండి’ అనే మెయిల్ ఏదైనా వచ్చిందా, ఎవరైనా అక్కడ పాస్‌వర్డ్ కొట్టారా అని అందరినీ అడగండి. ఇలాంటి దొంగలు ఎక్కువగా ఆ దారినే వస్తారు. మీ సొంత లాగిన్లు మిల్లు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ నుంచి, పనివేళల్లో ఉంటే అది మీకు అండగా నిలుస్తుంది. ఐపీని చూసి ఫలానా మనిషే అని మాత్రం ఎవరూ చెప్పలేరు. దాని వెనక ఎవరున్నారో టెలికాం కంపెనీ రికార్డు తెప్పించి తేల్చాల్సింది పోలీసులే.

సప్లయర్‌ని కూడా ఇదే పరీక్ష చేసుకోమని మర్యాదగా రాయండి. దొంగ మెయిల్ కింద కోట్ అయిన పాత మెయిళ్లలో, మీకు ఎప్పుడూ రాని మెయిల్ ఒక్కటైనా ఉందేమో మీరు చూడండి. వాళ్ల ఆఫీసులో ఒకరికొకరు రాసుకున్న మాట అందులో కనిపిస్తే కథ మారుతుంది, వాళ్ల మెయిల్ కూడా తెరుచుకున్నట్టే.

దొంగ మెయిల్‌ను ఎవరికీ ఫార్వర్డ్ చేసి ‘ఇదే సాక్ష్యం’ అనకండి, ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది. మెయిల్ తెరిచి మూడు చుక్కల్లో Show original నొక్కి, Download Original ద్వారా .eml ఫైలుగా దించండి. మార్చిన బిల్లు పీడీఎఫ్‌ను, సప్లయర్ అసలు బిల్లును కూడా విడిగా పెట్టండి. ఆ ఫైళ్లున్న ఫోల్డర్‌లో విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఒక్కో ఫైలుకు హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి అంకె, తీయండి:

```
certutil -hashfile mail-0901.eml SHA256
```

వచ్చిన పొడవాటి అంకెను కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ అంకె మారిపోతుంది కాబట్టి, తర్వాత ఎవరూ ఏమీ దిద్దలేదని చూపించవచ్చు. కోర్టుకు వెళ్లినప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపుతారు. రెండిట్లోనూ ఈ హ్యాష్ రాయాలి.

బిల్లు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరిగానే వచ్చిందని మీ లెటర్ చివర్లో ఉంది. ఈ-ఇన్‌వాయిస్ క్యూఆర్‌లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం లాంటివి ఉంటాయి. బ్యాంకు ఖాతా నంబరు ఉండదు. అసలు బిల్లు తీసుకుని కింద ఖాతా వివరాలు మాత్రమే మారిస్తే క్యూఆర్‌కి ఏ లోపమూ తెలియదు.

ఇక డబ్బు సంగతి. రీకాల్ అన్న మాట మీద బ్యాంకుల దగ్గర చాలామంది పొరబడతారు. ఆర్టీజీఎస్‌లో అవతలి ఖాతాలో జమైన డబ్బును మీ బ్యాంకు వెనక్కి లాక్కోలేదు. ‘ఇది మోసం, ఆపి తిప్పి పంపండి’ అని అవతలి బ్యాంకుకి మెసేజ్ పెట్టగలదు, అంతే. అవతలి బ్యాంకు కూడా ఖాతాదారు ఒప్పుకోకుండా, లేదా పోలీసు, కోర్టు ఆదేశం లేకుండా డబ్బు తీసి ఇవ్వదు. ఖాతాదారు మోసగాడి మనిషే కాబట్టి ఒప్పుకోడు. మీరే స్వయంగా ఓటీపీ కొట్టి చేసిన చెల్లింపు కావడంతో, అనుమతి లేని లావాదేవీల్లో కస్టమర్‌ని కాపాడే ఆర్‌బీఐ నియమం కూడా మీకు వర్తించదు. దాని మీద ఆశ పెట్టుకుని నెలలు పోగొట్టుకోకండి. డబ్బును నిజంగా ఆపేది 1930 ఫిర్యాదు. ఆ ఫిర్యాదు పోలీసులకూ బ్యాంకులకూ ఒకేసారి కనిపించే వ్యవస్థలోకి వెళ్తుంది, డబ్బు ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ హోల్డ్ పడుతుంది. మీకు దక్కిన 3,10,000 అలా ఆగిందే.

ఆ మొత్తం మీరు పంపిన ఖాతాలోనే ఉందని అనుకోవద్దు. మొదటి ఖాతా నుంచి రెండో వరుస ఖాతాలకు, అక్కడి నుంచి మూడో వరుసకు డబ్బు విడిపోతుంది. హోల్డ్ ఏ వరుసలోనైనా పడి ఉండొచ్చు, రెండు మూడు బ్యాంకుల్లో కలిపి కూడా అయి ఉండొచ్చు. కోర్టు ఆర్డర్‌లో బ్యాంకు పేరు, ఖాతా నంబరు, మొత్తం కచ్చితంగా రాకపోతే బ్యాంకు దాన్ని అమలు చెయ్యదు. అందుకే దర్యాప్తు అధికారిని ఖాతాల వారీగా హోల్డ్ వివరం అడగండి: ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత, ఏ రోజున. మిగతా 5,54,000 ఎటు వెళ్లిందో కూడా అదే జాబితాలో తెలుస్తుంది. అందులో ఏటీఎంలో తీసేసిన భాగం ఉంటే అది తేలిగ్గా రాదు, మీ సేటుకి ఇప్పుడే చెప్పండి.

బ్యాంకు నోటిమాటను కాగితంగా మార్చడానికి ఇలాంటి లెటర్ ఇవ్వండి:

‘09-01-2026న మా ఖాతా నుంచి ఈ యూటీఆర్ నంబరుతో రూ. 8,64,000 ఆర్టీజీఎస్ చేశాం. గ్రహీత ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇవి. ఇది మోసపూరిత మెయిల్ వల్ల జరిగిన చెల్లింపు. 1930 ఫిర్యాదు నంబరు ఇది. 12-01-2026న మేము ఇచ్చిన లెటర్ మీద గ్రహీత బ్యాంకుకి మీరు రీకాల్ కోరుతూ మెసేజ్ పంపిన తేదీ, టైము, రిఫరెన్స్ నంబరు, వారిచ్చిన జవాబు మాకు రాతపూర్వకంగా తెలపండి.’

ఆర్టీజీఎస్ యూటీఆర్‌లో 22 అక్షరాలుంటాయి. స్టేట్‌మెంట్‌లో కొన్నిసార్లు కత్తిరించి చూపిస్తారు, పూర్తిది అడిగి రాయండి. రెండో కాపీ మీద సీలుతో పాటు తేదీ, టైము కూడా వేయించుకోండి. అదే లెటర్ బ్రాంచికీ, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికీ మెయిల్ చెయ్యండి, పాత పాస్‌వర్డ్ మార్చాకే సుమా. టైము కోసం ఇంత పట్టుబట్టమనడానికి కారణముంది. మీరు చెప్పిన గంటకీ బ్యాంకు మెసేజ్ పెట్టిన గంటకీ మధ్య అవతలి ఖాతాలోంచి డబ్బు పోయిందని తేలితే, అప్పుడు బ్యాంకు ఆలస్యం మీద ప్రశ్న వేయడానికి మీకు ఆధారం ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. అక్కడ మీ ఫిర్యాదు బ్యాంకు ఆలస్యం మీద ఉండాలి, మోసం మీద కాదు.

వీటన్నిటికీ ముందు ఒకే ఒక్క కాగితం ఉండాలి: టైము, జరిగింది, దానికి రుజువు. మూడో గడిలో రుజువు లేని వరుస రాయకండి. ‘8 సాయంత్రం బిల్లు వచ్చింది, మెయిల్.’ ‘9న 10:52 దొంగ మెయిల్ వచ్చింది, .eml.’ ‘అదే రోజు ఆర్టీజీఎస్, స్టేట్‌మెంట్.’ ‘10న రిమైండర్ ఇన్‌బాక్స్‌లో పడలేదు, ఫిల్టర్ ఫోటో.’ ‘12న సప్లయర్ ఫోన్, కాల్ లిస్ట్.’ ‘12న 1930, అక్నాలెడ్జ్‌మెంట్.’ ‘హ్యాకర్ చేశాడు’, ‘సప్లయర్ నిర్లక్ష్యం’ లాంటి అభిప్రాయాలు ఇందులోకి రానివ్వకండి. పోలీసు, బ్యాంకు, కోర్టు, ఆడిటర్ నలుగురూ చదివేది ఈ పేజీనే. చెప్పే మాట ఎవరి దగ్గరా మారకుండా ఉండటం మీకే రక్షణ.

సప్లయర్ నుంచి తప్పకుండా తెచ్చుకోవాల్సిన కాగితం ఒకటుంది. వాళ్ల లెటర్‌హెడ్ మీద, ‘ఫలానా ఖాతా మాది కాదు, ఫలానా యూటీఆర్ డబ్బు మాకు అందలేదు, మా అసలు ఖాతా ఇది’ అని రాసి, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి ఇవ్వాలి. అది లేకపోతే అవతలి ఖాతాదారు ‘సరుకు అమ్మాను, డబ్బు వచ్చింది’ అన్నప్పుడు కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. గొడవలో ఉన్నా సరే, ఇది రాసివ్వడం వల్ల వాళ్లకు పోయేదేమీ లేదు.

1930లో చెప్పినంత మాత్రాన ఎఫ్ఐఆర్ అయినట్టు కాదు. పైన చెప్పిన కట్టతో స్టేషన్‌కి వెళ్లి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. హోల్డ్ డబ్బు విడుదలకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేస్తారు. తెలంగాణలో ఇలాంటి డబ్బును లోక్ అదాలత్ ద్వారా ఇప్పించిన సందర్భాలూ ఉన్నాయి, ఆ తేదీలు దర్యాప్తు అధికారిని అడగండి. పిటిషన్ మిల్లు పేరు మీద వెయ్యాలి కాబట్టి, సంతకం చేసేవారికి భాగస్వాముల అధికార పత్రం ఉండాలి. తర్వాత ఎవరైనా హక్కు చూపిస్తే డబ్బు తిరిగిస్తామని ఒక బాండు కూడా అడుగుతారు. ఆలస్యం చెయ్యకండి. ఖాతా హోల్డ్ తీయించుకోవడానికి అవతలి ఖాతాదారు కూడా కోర్టుకు వెళ్లగలడు.

మీ పుస్తకాల్లో ఒక దిద్దుబాటు మిగిలింది. టాలీలో ఆ 8,64,000 సప్లయర్ లెడ్జర్‌కి డెబిట్ అయి, ఆయన బాకీ సున్నా అని చూపిస్తూ ఉంటుంది. పాత ఎంట్రీని చెరపకుండా, ‘సైబర్ మోసం రావలసినవి’ అనే లెడ్జర్‌కి జర్నల్ ద్వారా మార్చండి. నరేషన్‌లో యూటీఆర్, 1930 నంబరు రాయండి. సప్లయర్‌కి బాకీ ఇంకా ఉన్నట్టే. ఎవరి మెయిల్ తెరుచుకుందన్న దాన్ని బట్టి నష్టాన్ని కొంత పంచుకోవడానికి మాట్లాడుకోవచ్చు. మీ వైపు ఫిల్టర్ దొరికితే ఆ బేరానికి బలం తక్కువ. జీఎస్టీ ఇన్‌పుట్ తీసుకుంటే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి డబ్బు చేరాలి, లేదంటే వడ్డీతో తిప్పికట్టాలి. 8 జనవరి బిల్లుకి ఆ గడువు జులై 7. మోసగాడికి వెళ్లిన డబ్బు ఆ లెక్కలోకి రాదు. రికవరీ కోసం ఎదురుచూస్తూ ఈ తేదీ దాటనివ్వకండి.

వాయిదాల్లో కట్టేలా సప్లయర్‌తో రాతలో ఒప్పుకోండి. మొదటి వాయిదాకు ముందు, పాత బిల్లు మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి ఖాతా నంబరు చదివి వినిపించండి. నెట్ బ్యాంకింగ్‌లో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కొట్టి పేరు చూసే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని బ్యాంకులకు ఆర్‌బీఐ చెప్పింది, దానికి చార్జీ లేదు. అందులో సప్లయర్ కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే, ఎంత అర్జెంటన్నా బటన్ నొక్కకండి.